డీటీఆర్‌కు వెక్టర్ గ్రూప్ ఎంచుకోవడం, రెండు డీటీఆర్‌లను పారలల్‌గా కలిపే ముందు చూడాల్సినవి

మీ దగ్గర ఒక 11 కేవీ / 433 వోల్టుల డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. లోడ్ పెరిగింది. పక్కనే ఇంకొకటి పెట్టి, రెండింటి ఎల్‌టీ బస్‌బార్లను బస్ కప్లర్‌తో కలపాలనుకుంటున్నారు. రెండో డీటీఆర్ ఆర్డర్ కాగితంలో వెక్టర్ గ్రూప్ గడిలో ఏం రాయాలి, అది వచ్చాక కప్లర్ వేయడానికి ముందు ఏం కొలవాలి అన్నదే ఈ వ్యాసం. ఉదాహరణకు ఒక రైస్ మిల్లు అనుకుందాం. ఒక్కొక్కటి 250 కేవీఏ చొప్పున రెండు డీటీఆర్‌లు, రెండింటి ఇంపెడెన్స్ 4.5 శాతం, రెండింటికీ ఒకే 11 కేవీ ఫీడర్.

ముందుగా నేమ్‌ప్లేట్ చదవండి

మన దగ్గర 11 కేవీ డీటీఆర్‌ల మీద దాదాపు ఎప్పుడూ కనిపించేది Dyn11. పెద్ద D అంటే హెచ్‌టీ వైండింగ్ డెల్టా. చిన్న y అంటే ఎల్‌టీ వైండింగ్ స్టార్. n అంటే ఆ స్టార్ మధ్య బిందువు నుంచి న్యూట్రల్ బుషింగ్ బయటికి తీశారని. చివరి 11 గడియారంలో గంట. హెచ్‌టీ ఫేజ్ వోల్టేజీని 12 దగ్గర నిలబెడితే, అదే పేరున్న ఎల్‌టీ ఫేజ్ వోల్టేజీ 11 దగ్గర ఉంటుంది. ఒక గంట అంటే 30 డిగ్రీలు. వెక్టర్లు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి 11 దగ్గర ఉండడమంటే ఎల్‌టీ 30 డిగ్రీలు ముందుండడం. Dyn1 అయితే 30 డిగ్రీలు వెనక ఉంటుంది.

ఈ 30 డిగ్రీలు ట్రాన్స్‌ఫార్మర్ లోపల జరిగే ఆలస్యం అని చాలామంది అనుకుంటారు. అది ఆలస్యం కాదు. ఏ లింబ్ మీదున్న ఎల్‌టీ వైండింగ్‌లోనైనా వోల్టేజీ అదే లింబ్ మీదున్న హెచ్‌టీ వైండింగ్ వోల్టేజీతో ఒకే క్షణంలో పెరిగి, ఒకే క్షణంలో తగ్గుతుంది. తేడా ఎక్కడ వస్తుందంటే, డెల్టాలో ఆ హెచ్‌టీ వైండింగ్ రెండు లైన్ల మధ్య ఉంటుంది. Dyn11లో 2u బుషింగ్‌కు వచ్చే వైండింగ్ ఉన్న లింబ్ మీద హెచ్‌టీ వైపు 1U, 1V మధ్య వోల్టేజీ, అంటే R–Y లైన్ వోల్టేజీ ఉంటుంది. R–Y లైన్ వోల్టేజీ R ఫేజ్ కంటే 30 డిగ్రీలు ముందుంటుంది. ఆ వోల్టేజీయే ఎల్‌టీ వైపు R ఫేజ్‌గా బయటికి వస్తోంది. Dyn1లో అదే లింబ్ మీద R–B వోల్టేజీ ఉంటుంది. అది R కంటే 30 డిగ్రీలు వెనక. అంటే డెల్టా మూలలను ఏ వైపుగా కలిపారన్న ఒక్క విషయమే 11నీ 1నీ వేరు చేస్తుంది. రాగి, కోర్, నష్టాలు అన్నీ అవే.

ఇది మనసులో పెట్టుకోండి. వ్యాసంలో తర్వాత వచ్చే చిక్కంతా ఇక్కడి నుంచే పుడుతుంది: ఏ లింబ్ మీద ఏ రెండు లైన్లు ఉన్నాయన్నది ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కనెక్షన్‌తో పాటు మీరు బయట కేబుల్ ఎలా కలిపారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

గ్రూప్ ఎంచుకోవడం: డెల్టా ఎందుకు, 11 ఎందుకు

ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. డెల్టా ఎందుకన్నదానికి జవాబు లోడ్‌లో ఉంది. ఎల్‌టీ వైపు సింగిల్ ఫేజ్ లోడ్లు మూడు ఫేజుల మీద ఎప్పుడూ సమానంగా ఉండవు. Yyn0 తీసుకుని R ఫేజ్ మీద మాత్రమే లోడ్ వేశారనుకోండి. మన 11 కేవీ లైనుకు న్యూట్రల్ తీగ లేదు కాబట్టి, హెచ్‌టీ వైపు R వైండింగ్‌లో వచ్చిన కరెంటు మిగతా రెండు వైండింగుల గుండానే తిరిగి వెళ్లాలి. ఆ రెండు లింబుల మీద ఎల్‌టీ వైపు దాన్ని సరితూచే కరెంటు లేదు. దాంతో న్యూట్రల్ పక్కకు జరుగుతుంది, R వోల్టేజీ పడిపోతుంది, మిగతా రెండు ఫేజుల వోల్టేజీ పెరుగుతుంది. డెల్టాలో R లింబ్‌కు కావాల్సిన కరెంటును ఆ లింబ్ మీదున్న హెచ్‌టీ వైండింగ్ ఒక్కటే రెండు లైన్ల నుంచి తీసుకుంటుంది. మిగతా లింబుల జోలికి పోదు. అందుకే ఎల్‌టీలో ఒక ఫేజ్ ఎర్త్ అయినప్పుడు కరెంటు గట్టిగా పారి ఫ్యూజ్ త్వరగా పోతుంది. మూడో హార్మోనిక్ కరెంట్లు డెల్టా లోపలే తిరుగుతాయి. ఎల్‌టీ న్యూట్రల్ కరెంటు 11 కేవీ ఫీడర్ ఎర్త్ ఫాల్ట్ రిలేకు కనిపించదు.

చిన్న రేటింగుల్లో Yzn11 అనే జిగ్‌జాగ్ కూడా అసమాన లోడ్‌ను బాగా తట్టుకుంటుంది. కానీ ప్రతి ఎల్‌టీ ఫేజ్‌నూ రెండు లింబుల మీద సగం సగం చుట్టాలి. ఆ రెండు సగాల వోల్టేజీలు ఒకే దిశలో కూడవు కాబట్టి ఎల్‌టీ చుట్లు సుమారు 15 శాతం ఎక్కువ పడతాయి. 250 కేవీఏ మిల్లుకు అది అనవసరపు ఖర్చు.

ఇక 11 ఎందుకంటే, ఒంటరిగా నడిచే డీటీఆర్‌కు 11 అయినా 1 అయినా ఒకటే. మోటారుకు తేడా తెలియదు, బల్బుకు తెలియదు. పక్కన ఇంకొకటి ఉన్నప్పుడే అంకె ముఖ్యమవుతుంది. చుట్టూ ఉన్నవన్నీ Dyn11 కాబట్టి మీరూ Dyn11 రాయాలి. రేపు ఒకటి కాలిపోతే దాని స్థానంలో వచ్చేది కూడా Dyn11 అయ్యే అవకాశమే ఎక్కువ. అమెరికా ప్రమాణాల్లో డెల్టా–స్టార్‌కు ఎల్‌టీ 30 డిగ్రీలు వెనక ఉండడం నియమం. అంటే Dyn1. బయటి దేశం నుంచి యంత్రాలతో పాటు వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్, లేదా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది అయితే ఆ అంకెను ప్రత్యేకంగా చూడండి.

అంకె తేడా ఉంటే ఎంత కరెంటు పారుతుంది

రెండు డీటీఆర్‌ల న్యూట్రల్స్ కలిసి ఉన్నాయి, కప్లర్ ఇంకా తెరిచే ఉంది. అప్పుడు కప్లర్ అటూ ఇటూ ఒకే రంగు ఫేజుల మధ్య కనిపించే వోల్టేజీ ఇది:

```
ΔV = 2 × 250 × sin(θ/2)

θ = 30°   →  129 V
θ = 60°   →  250 V
θ = 120°  →  433 V
θ = 180°  →  500 V
```

250 అన్నది ఫేజ్–న్యూట్రల్ వోల్టేజీ. Dyn11 పక్కన Yyn0 పెడితే తేడా 30 డిగ్రీలు. Dyn11 పక్కన Dyn1 పెడితే 60 డిగ్రీలు, అంటే తేడా వోల్టేజీయే పూర్తి ఫేజ్ వోల్టేజీ అంత. అలాంటప్పుడు కప్లర్ వేస్తే ఆ వోల్టేజీని అడ్డుకునేది రెండు ట్రాన్స్‌ఫార్మర్ల ఇంపెడెన్స్ మాత్రమే:

```
I(FL) = 250000 / (1.732 × 433) = 333 A
60°:  1.0   / (0.045 + 0.045) = 11.1  →  సుమారు 3700 A
30°:  0.518 / (0.045 + 0.045) = 5.75  →  సుమారు 1900 A
```

లోడ్ ఒక్క ఆంపియర్ కూడా లేకుండానే ఫుల్ లోడ్‌కు పదకొండు రెట్లు. మంచి ఎంసీసీబీ ఉంటే ట్రిప్ అవుతుంది. ఎదురుగా నిలబడి నైఫ్ స్విచ్‌తో కలిపిన మనిషికి ఆర్క్ తగులుతుంది. 30 డిగ్రీల తేడా కూడా చిన్నదేమీ కాదు. దీనికి కాస్త సర్దుబాటు, కొంతసేపు నడిపి చూద్దాం అన్న మాటలకు చోటు లేదు.

ట్యాప్ తేడాను దీనితో పోల్చి చూడండి. ఒకదాని ట్యాప్ 2.5 శాతం ఒక మెట్టు తేడాగా ఉంటే కప్లర్ దగ్గర 6 వోల్టులు కనిపిస్తాయి, సుమారు 93 ఆంపియర్లు ఊరికే తిరుగుతాయి. అది వేడి, నష్టం. సరిచేయాలి, కానీ ప్రమాదం కాదు. కాబట్టి కొలిచిన వోల్టేజీయే జబ్బు పేరు చెబుతుంది.

సైట్‌కు వచ్చిన డీటీఆర్ గ్రూప్‌ను పరీక్షించడం

నేమ్‌ప్లేట్‌ను నమ్మడం ఒక పద్ధతి. రీవైండింగ్‌కు వెళ్లి వచ్చిన డీటీఆర్ అయితే నేమ్‌ప్లేట్ పాతదే ఉంటుంది, లోపలి డెల్టా మాత్రం కొత్తగా కట్టి ఉంటుంది. అందుకని పరీక్ష చేయండి. డీటీఆర్‌ను రెండు వైపులా పూర్తిగా విడదీసి, హెచ్‌టీ బుషింగులకు 415 వోల్టుల త్రీ ఫేజ్ సప్లై ఇవ్వాలి. పొరపాటున కూడా 415ను ఎల్‌టీ వైపు ఇవ్వకండి. అలా చేస్తే హెచ్‌టీ బుషింగుల మీద 11 కేవీకి దగ్గరగా వస్తుంది.

సప్లై ఇవ్వకముందే 1U, 2u బుషింగులను ఒక తీగతో కలపండి. R ను 1Uకు, Y ను 1Vకు, B ను 1Wకు ఇవ్వండి. ఎల్‌టీ వైపు లైన్ వోల్టేజీ 16 వోల్టులే వస్తుంది, ఎందుకంటే నిష్పత్తి 25.4. ఇప్పుడు అడ్డంగా రెండు రీడింగులు తీయండి: ఒకటి 1Wకు 2vకు మధ్య, రెండోది 1Vకు 2wకు మధ్య.

```
            1W–2v      1V–2w
Dyn11       415 V      401 V
Dyn1        401 V      415 V
Yyn0        407 V      407 V
```

ఏది పెద్దదో అదే జవాబు. తేడా 14 వోల్టులే కాబట్టి సప్లై స్థిరంగా ఉండాలి, రెండు రీడింగులూ ఒకే మీటరుతో వెంటవెంటనే తీయాలి. ముందుగా మూడు లైన్ వోల్టేజీలను కొలవండి. వాటిలోనే పది వోల్టుల తేడా ఉంటే ఈ పరీక్ష ఫలితం మీద ఆధారపడకండి. టర్న్స్ రేషియో మీటర్ దొరికితే అది గ్రూప్‌ను నేరుగా చూపిస్తుంది, ఇంత శ్రమ ఉండదు.

రెండూ Dyn11 అయినా 60 డిగ్రీల తేడా వచ్చే సందర్భం

ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. మన మిల్లులో రెండో డీటీఆర్ హెచ్‌టీ కేబుల్ పాడై కొత్త టెర్మినేషన్ చేశారనుకుందాం. ఆ పనిలో Y, B కోర్లు తారుమారయ్యాయి. ఛార్జ్ చేయగానే మోటార్లు ఎదురు తిరిగాయి. దగ్గరున్న ఎలక్ట్రీషియన్ ఎల్‌టీ వైపు Y, B కేబుళ్లు మార్చాడు. మోటార్లు సరిగా తిరిగాయి. ఫేజ్ సీక్వెన్స్ మీటర్ కూడా RYB అనే చూపించింది. ఫేజ్–న్యూట్రల్ 250, లైన్ 433. అన్నీ బాగున్నాయి.

కానీ లోపల ఏం జరిగిందో చూడండి. 2u లింబ్ మీద ఇంతకుముందు R–Y ఉండేది. ఇప్పుడు 1Vకు B వస్తోంది కాబట్టి అక్కడ R–B ఉంది. అంటే R ఫేజ్ 30 డిగ్రీలు ముందుండాల్సింది 30 డిగ్రీలు వెనక్కి పోయింది. తర్వాత ఎల్‌టీలో చేసిన మార్పు సీక్వెన్స్‌ను సరిచేసింది, ఈ కోణాన్ని సరిచేయలేదు. నేమ్‌ప్లేట్ మీద Dyn11 అనే ఉన్న డీటీఆర్ ఇప్పుడు బస్‌బార్ దగ్గర Dyn1గా ప్రవర్తిస్తోంది. ఒంటరిగా ఎన్నేళ్లయినా నడుస్తుంది. కప్లర్ వేసిన రోజు 3700 ఆంపియర్లు.

సీక్వెన్స్ సరిగా ఉండడం వేరు, ఫేజులు ఒకే కోణంలో ఉండడం వేరు. మోటారు తిరిగే దిశ మొదటిదాన్ని మాత్రమే చెబుతుంది. రెండోదాన్ని చెప్పేది ఒక్కటే, కప్లర్ అడ్డంగా వోల్ట్‌మీటర్.

కప్లర్ దగ్గర తొమ్మిది రీడింగులు

రెండు డీటీఆర్‌లనూ ఒకే 11 కేవీ సప్లై మీద ఛార్జ్ చేసి, కప్లర్ తెరిచి ఉంచండి. ఆర్క్‌కు తట్టుకునే బట్టలు, గ్లోవ్స్, ముఖానికి షీల్డ్ వేసుకోండి. 1000 వోల్టుల కేటగిరీ త్రీ మీటర్ వాడండి, ఎందుకంటే 500 వోల్టుల వరకు కనిపించవచ్చు. ముందుగా మీటర్‌ను తెలిసిన లైవ్ ఫేజ్ మీద పెట్టి చూడండి, అంతా అయ్యాక మళ్లీ చూడండి.

మొదట కొలవాల్సింది ఫేజులను కాదు, న్యూట్రల్స్‌ను. రెండు న్యూట్రల్స్ గట్టిగా కలిసి ఉన్నాయా, వాటి మధ్య వోల్టేజీ సున్నాకు దగ్గరగా ఉందా చూడండి. న్యూట్రల్స్ కలవకపోతే రెండు వైపులకూ మధ్య దారే లేదు. అప్పుడు ఫేజుల మధ్య మీటర్ అర్థం లేని అంకె చూపిస్తుంది, కొన్నిసార్లు సున్నా కూడా చూపిస్తుంది. ఆ సున్నాను చూసి కప్లర్ వేయడం ఈ పని మొత్తంలో అతి ప్రమాదకరమైన అడుగు.

తర్వాత ఒకటో డీటీఆర్ R నుంచి రెండోదాని R, Y, B లకు మూడు రీడింగులు తీయండి. అలాగే Y నుంచి మూడు, B నుంచి మూడు. కాగితం మీద మూడు వరుసలుగా రాసుకోండి.

అంతా సరిగా ఉంటే ప్రతి వరుసలో ఒకే రంగు దగ్గర సున్నాకు దగ్గరగా, మిగతా రెండు చోట్ల 433 వస్తుంది. R–R సున్నా ఉండి, Y–Y, B–B దగ్గర 433 ఉంటే రెండు ఫేజులు మాత్రమే తారుమారయ్యాయి. ప్రతి వరుసలో సున్నా ఉన్నా అది వేరే రంగు దగ్గర ఉంటే మూడు ఫేజులూ ఒక స్థానం జరిగాయి. ఈ రెండు చిక్కులూ ఎల్‌టీ కేబుళ్లు మార్చితే తీరిపోతాయి.

మన మిల్లు సందర్భంలో వచ్చే అంకెలు వేరు:

```
          R2      Y2      B2
R1       250     500     250
Y1       250     250     500
B1       500     250     250
```

ఎక్కడా సున్నా లేదు, ఎక్కడా 433 లేదు. ఎల్‌టీ ఫేజుల స్థానాలు మూడింటినీ వరుసగా జరిపితే కోణం 120 డిగ్రీల చొప్పున, అంటే నాలుగు గంటల చొప్పున మారుతుంది. 60 డిగ్రీల తేడాకు 120 కలిపినా తీసేసినా సున్నా రాదు. కాబట్టి సున్నా లేని పట్టిక చూసిన వెంటనే ఎల్‌టీ కేబుళ్లను తాకడం ఆపేయండి. తప్పు హెచ్‌టీ వైపు ఉంది, లేదా గ్రూపే వేరు. వరుసలో 129, 354, 483 కనిపిస్తే మాత్రం తేడా 30 డిగ్రీలది. పక్కన ఉన్నది స్టార్–స్టార్ అయి ఉంటుంది. బయట ఏ కేబుల్ మార్చినా అది కలవదు, దాన్ని విడిగానే నడపాలి.

సరిచేయడం

మిల్లులో పని ఇలా సాగుతుంది. లైన్ క్లియర్ తీసుకుని, ఏబీ స్విచ్ ఓపెన్ చేసి, హెచ్‌టీ, ఎల్‌టీ రెండు వైపులా డిశ్చార్జ్ చేసి ఎర్త్ చేయండి. రెండో డీటీఆర్ హెచ్‌టీ వైపు Y, B లను తిరిగి సరైన బుషింగులకు మార్చండి. అదే షట్‌డౌన్‌లో ఎల్‌టీ వైపు Y, B లను కూడా మార్చండి. ఎల్‌టీ వైపు మాత్రమే మార్చి వదిలేస్తే మోటార్లు మళ్లీ ఎదురు తిరుగుతాయి, ఇంకొకరు వచ్చి మళ్లీ ఎల్‌టీ మారుస్తారు, కథ మొదటికి వస్తుంది. మార్చాక ఛార్జ్ చేసి తొమ్మిది రీడింగులూ మళ్లీ తీయండి.

ఇదే పనిని కావాలని కూడా చేయవచ్చు. మీకు దొరికినది నిజంగానే Dyn1 అయితే, దాని హెచ్‌టీ వైపు ఏవైనా రెండు ఫేజులను మార్చి, ఎల్‌టీ వైపు కూడా అవే రెండు ఫేజులను మార్చితే అది బస్‌బార్ దగ్గర Dyn11తో సరిపోతుంది. 2u లింబ్ మీద R–B స్థానంలో R–Y వస్తుంది కాబట్టి. ఇది ఒప్పుకున్న పద్ధతే. కానీ అలా చేస్తే ఆ సంగతి డీటీఆర్ మీదే పెయింట్‌తో రాయించండి, సింగిల్ లైన్ డయాగ్రమ్‌లోనూ రాయండి. రంగులు చూసి తర్వాత వచ్చిన లైన్‌మన్ దాన్ని తప్పు అనుకుని సరిచేసేస్తాడు.

కోణం కలిశాక మిగిలినవి

ట్యాప్‌లు రెండూ ఒకే స్థానంలో పెట్టండి. ఆఫ్ సర్క్యూట్ ట్యాప్ స్విచ్ అయితే డీటీఆర్ డెడ్‌గా ఉన్నప్పుడే తిప్పాలి. ఇంపెడెన్స్ శాతాలు దగ్గరగా ఉండాలి. ఒకటి 4.5, ఇంకొకటి 5 అయితే 4.5 ఉన్నది ఎక్కువ లోడ్ మోస్తుంది: 500 కేవీఏ లోడ్‌లో దాని వాటా సుమారు 263, రెండోదానిది 237. అంటే రెండింటి సామర్థ్యం కలిపి 500 అయినా, చిన్న ఇంపెడెన్స్ ఉన్నది తన 250 దాటకుండా మీరు వాడగలిగేది 475. మొదటిసారి కప్లర్ వేసేటప్పుడు లోడ్ లేకుండా వేసి, రెండు ఎల్‌టీ వైపులా క్లాంప్ మీటర్‌తో కరెంటు చూడండి. లోడ్ లేనప్పుడు కొద్ది ఆంపియర్లకు మించి కనిపిస్తే ట్యాప్ తేడా మిగిలి ఉంది.

రెండు డీటీఆర్‌లు వేర్వేరు 11 కేవీ ఫీడర్ల మీద ఉంటే ఇంతవరకు చేసినదంతా చాలదు. ఒక ఫీడర్ 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లోని Dyn11 పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, ఇంకొకటి 132 కేవీ సబ్‌స్టేషన్‌లో స్టార్–స్టార్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నేరుగా 11 కేవీగా వస్తుంటే, ఆ రెండు 11 కేవీల మధ్యే 30 డిగ్రీలు ఉండవచ్చు. మీ రెండు డీటీఆర్‌లూ అచ్చంగా ఒకటే అయినా ఎల్‌టీ పట్టికలో 129, 354, 483 కనిపిస్తాయి. అలాంటి చోట ఎల్‌టీ కప్లర్‌కు, రెండు ఇన్‌కమర్లకు కలిపి మూడు బ్రేకర్లకు రెండు తాళం చెవులే ఉండే కీ ఇంటర్‌లాక్ పెట్టించండి. ఒక ఇన్‌కమర్ తెరిస్తే తప్ప కప్లర్ పడకూడదు. ఫీడర్లు రెండూ ఒకే కోణంలో ఉన్నా సరే, ఎల్‌టీలో వాటిని కలిపితే మీ డీటీఆర్‌ల గుండా ఒక ఫీడర్ నుంచి ఇంకొక ఫీడర్‌కు కరెంటు పారుతుంది. ఒక ఫీడర్ ఆపి లైన్ క్లియర్ ఇచ్చిన రోజున, చచ్చిందనుకున్న ఆ లైన్‌కు మీ ఎల్‌టీ వైపు నుంచి 11 కేవీ తిరిగి వస్తుంది. ఆ లైన్ మీద పని చేసే లైన్‌మన్ ప్రాణం ఆ ఇంటర్‌లాక్ మీద ఉంటుంది.